టాలీ క్లాసుల రికార్డింగులు అమ్మడానికి సొంత సైటా, యుడెమీయా?

ప్రశ్న: ప్రొద్దుటూరులో చిన్న టాలీ సెంటర్ నడుపుతున్నాను సార్. టాలీ ప్రైమ్, జీఎస్టీ కలిపి 28 గంటల క్లాసులు తెలుగులో రికార్డు చేసి పెట్టుకున్నాను. ఆన్‌లైన్ కోర్సులు అమ్మే యుడెమీలో పెడితే సగానికి పైగా వాళ్ళే తీసుకుంటారంటున్నారు. సొంత సైట్ అంటే ఖర్చూ, టెన్షనూ అంటున్నారు. ఏది చేయమంటారు?

సమాధానం:

నాది కర్నూలు. డిప్లొమా సివిల్ పిల్లలకు ఆటోక్యాడ్, ఎస్టిమేషన్ చెబుతాను. అవే క్లాసులను ముందు ఒక మార్కెట్‌ప్లేస్‌లో పెట్టాను, తర్వాత సొంత సైట్‌లో అమ్మాను, ఇప్పటికీ అమ్ముతున్నాను. కాబట్టి రెండు వైపులా దెబ్బలు తిన్నవాడిగా చెబుతున్నా. మీ సంగతిలో నా ఓటు సొంత సైట్‌కే. అయితే కమిషన్ ఎక్కువ పోతుందని కాదు. కొనేవాణ్ణి ఎవరు తీసుకొస్తారన్నదే అసలు లెక్క.

ముందు యుడెమీ లెక్క చూద్దాం. వాళ్ళ సెర్చ్‌లో వెతుక్కుంటూనో, వాళ్ళ ప్రకటన చూసో వచ్చిన మనిషి మీ కోర్సు కొంటే మీకు 37 శాతం వస్తుంది. మీరు పంపిన సొంత కూపన్ లింకు నొక్కి కొంటే 97 శాతం మీకే. "సగానికి పైగా పోతుంది" అన్నవాళ్ళు మొదటి సగమే చెప్పారు.

ఇంతకీ 37 శాతం దేంట్లో? మీరు కోర్సుకు మూడు వేలని రాసుకోవచ్చు. కానీ వాళ్ళ డిస్కౌంట్ స్కీములో చేరితే నెలలో చాలా రోజులు సేలే నడుస్తుంది, కోర్సు నాలుగైదు వందలకు పోతుంది. చేరకపోతే అందరి కోర్సులూ ఐదొందలకు కనిపించే చోట మీదొక్కటే మూడు వేలకు నిలబడుతుంది, దాని వైపు ఎవరూ చూడరు. సరే, 499కి అమ్ముడైందనుకోండి. అందులో 18 శాతం జీఎస్టీ తీసేస్తే మిగిలేది దాదాపు 423. దాంట్లో 37 శాతమంటే 156 రూపాయలు. పిల్లవాడు ఫోన్‌లోని యాప్ నుంచి కొంటే యాప్ స్టోర్ వాటా 30 శాతం ముందే పోతుంది, మీకు నూటపది దాకా రావచ్చు. మీ 28 గంటల కష్టానికి ఒక్కో మనిషి నుంచి వచ్చేది అదీ.

అయినా నూటయాభై ఆరు చొప్పున వెయ్యిమంది కొంటే చెడ్డ బేరమేమీ కాదు. అసలు అడగాల్సింది, ఆ వెయ్యిమంది అక్కడికి వస్తారా అని. పైథాన్, ఎక్సెల్ లాంటివి ఇంగ్లీషులో చెప్పేవాళ్ళకు వస్తారు, ఎందుకంటే కొనేవాళ్ళు నేరుగా అక్కడికే వెళ్ళి వెతుకుతారు. జమ్మలమడుగులో డిగ్రీ అయిపోయి, ప్రొద్దుటూరు బట్టల షాపులోనో బంగారు అంగట్లోనో అకౌంట్లు రాసే పని కోసం చూస్తున్న పిల్లవాడు ఎక్కడ వెతుకుతాడు? యూట్యూబ్‌లో. అక్కడ తేలకపోతే తెలిసిన అన్ననో అక్కనో వాట్సాప్‌లో అడుగుతాడు. క్రెడిట్ కార్డు తీసి మార్కెట్‌ప్లేస్‌లో కోర్సు కొనే అలవాటు వాడికి లేదు.

నా మాట నమ్మనక్కరలేదు, ఒక పూట కూర్చుని మీరే చూడండి. యుడెమీ సెర్చ్‌లో `tally telugu` అని కొట్టండి. వచ్చిన కోర్సుల్లో ఎంతమంది చేరారన్నది చూసి వదిలేయకండి. ఉచిత కూపన్లు పంచితే ఆ అంకె పెరుగుతుంది, అందులో డబ్బు కట్టినవాళ్ళెందరో తెలియదు. రివ్యూల్లోకి వెళ్ళి తేదీలు చూడండి. నెలకు నాలుగైదు కొత్త రివ్యూలు పడుతుంటే అక్కడ సంత నడుస్తోందని అర్థం. ఆఖరి రివ్యూ ఏడాది కిందటిదైతే మీరు అంగడి తెరిచినా బేరం ఉండదు.

ఇక్కడ మీకో ఆలోచన రావచ్చు. సొంత లింకుతో 97 శాతం ఇస్తారు కదా, మనుషుల్ని నేనే తెచ్చుకుని యుడెమీనే సైట్‌లా వాడుకుంటే సరిపోదా, ఖర్చు కూడా ఉండదు కదా అని. నేనూ కొన్నాళ్ళు అలాగే చేశాను. పనిచేస్తుంది, కానీ మూడు చోట్ల నొప్పి పుడుతుంది.

మొదటిది ధర. మీ లింకుతో పన్నెండొందలకు కొన్న పిల్లవాడికి రెండు రోజుల తర్వాత అదే కోర్సు సేల్‌లో ఐదొందలకు కనిపిస్తుంది. వాడికి ముప్ఫై రోజుల్లోపు రీఫండ్ అడిగే వీలుంది. వెనక్కి ఇచ్చేసి ఐదొందలకు మళ్ళీ కొంటాడు, ఈసారి అమ్మకం మీ లింకు ద్వారా కాదు కాబట్టి మీకు 37 శాతమే. నా దగ్గర ఇలా చేసిన పిల్లలున్నారు, వాళ్ళను తప్పుపట్టలేను. నేనైనా అదే చేస్తాను.

రెండోది, కొన్నవాడి ఫోన్ నంబరు గానీ మెయిల్ గానీ మీ చేతికి రాదు. పేరు కనిపిస్తుంది, అక్కడి మెసేజ్ పెట్టెలో మాట్లాడొచ్చు, అంతే. రేపు మీరు పేరోల్ మీద కొత్త కోర్సు చేస్తే వాళ్ళకు వాట్సాప్ పెట్టలేరు. పాఠాల మధ్యలో సొంత సైట్ గురించి చెప్పుకోవడానికీ లేదు. కోర్సు చివర బోనస్ లెక్చర్ అని ఒక్కటి పెట్టుకోనిస్తారు, ప్రచారమంతా అందులోనే. 28 గంటలు చూసి అక్కడిదాకా వచ్చేవాళ్ళు ఎందరుంటారో మీరే ఊహించండి.

మూడోది రివ్యూ. టాలీ చెప్పే మీకు ఇది మరీ ముఖ్యం, కిందికి వచ్చాక చెబుతాను.

ఇప్పుడు సొంత సైట్. ధర 1,999 అనుకుందాం. కొనేవాడి కార్డు, యూపీఐ డబ్బును మీ ఖాతాకు చేర్చే పేమెంట్ గేట్‌వే ఫీజు సాధారణంగా 2 శాతం, ఆ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 2.36 శాతం. అంటే 47 రూపాయలు పోయి, ఒక్కొక్కరి మీద దాదాపు 1,950 మిగులుతుంది. యూపీఐ మీద బ్యాంకు ఛార్జీ లేదు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, కానీ గేట్‌వే వాడు తన సేవకు తన ఫీజు వేసుకుంటాడు. ఇక ఏడాది ఖర్చు. సైట్ పేరుకు, అంటే డొమైన్‌కు వెయ్యి, సైట్‌ను ఉంచే అద్దె చోటుకు, అంటే హోస్టింగ్‌కు నాలుగైదు వేలు, వర్డ్‌ప్రెస్ మీద కోర్సులు నడిపే ప్లగిన్ డబ్బు కట్టే వెర్షన్‌కు పదీ పన్నెండు వేలు, చిల్లర మల్లర కలిపి ఇరవై వేలు వేసుకోండి. హోస్టింగ్ మొదటి ఏడాది చౌకగా ఇచ్చి రెండో ఏడాది రెట్టింపు మూడింతలు అడుగుతారు. కొనేటప్పుడే రెన్యువల్ ధర చూసుకోండి.

ఏడాదిలో అరవై మంది చేరారనుకుందాం. లక్షా పదిహేడు వేలు వస్తుంది, ఖర్చులు పోను తొంభై అయిదు వేల చిల్లర మీది. అదే డబ్బు యుడెమీ సెర్చ్ ద్వారా రావాలంటే 600 మందికి పైగా కొనాలి. ప్రొద్దుటూరు చుట్టుపక్కల మీ పేరు తెలిసినవాళ్ళలో అరవై మందిని పట్టడం తేలికా, ముక్కూ మొహం తెలియని ఆరువందల మందికి అక్కడ కనిపించడం తేలికా? మీ సెంటర్ నడుస్తున్నదంటే మొదటిదే తేలిక.

అయితే ఇవాళే డొమైన్ కొనేయకండి. అసలు పొరపాటు అక్కడే జరుగుతుంది. మూడు నెలలు సైట్ రంగులు మార్చుకుంటూ కూర్చుని, తీరా తెరిచాక ఎవరూ రాకపోతే మనసు విరిగిపోతుంది. ముందు మీ పాత స్టూడెంట్ల రిజిస్టర్ తీయండి. ఫీజు మధ్యలో ఆపేసినవాళ్ళు, "టైమింగ్ కుదర్లేదు సార్" అని మానేసినవాళ్ళు, పెళ్ళయి ఊరు వెళ్ళిపోయిన అమ్మాయిలు, వీళ్ళందరికీ ఫోన్ చేసి రికార్డింగులున్నాయి, పన్నెండొందలు అని చెప్పండి. గేట్‌వేలో ఖాతా తెరిస్తే సైట్ తయారు కాకముందే పేమెంట్ లింకు చేసి వాట్సాప్‌లో పంపొచ్చు. డబ్బు పడ్డవాళ్ళ మెయిల్ ఐడీకి మాత్రమే తెరుచుకునేలా గూగుల్ డ్రైవ్ ఫోల్డర్ షేర్ చేయండి. ఇది శాశ్వతంగా చేసే పని కాదు, ఇరవై మందితో చూసుకోవడానికి. ఫోన్‌లో మీ గొంతు గుర్తుపట్టే యాభై మందిలో ఇరవై మంది కొనకపోతే లోపం సైట్‌లో లేదు. ధరలో ఉంటుంది, లేకపోతే కోర్సులో.

ఫోన్‌పే నంబరిచ్చి స్క్రీన్‌షాట్ పంపమంటే ఫీజు కూడా మిగులుతుంది కదా అనిపిస్తుంది. పదిమంది దాకా పర్వాలేదు. ఆ తర్వాత దొంగ స్క్రీన్‌షాట్లు వస్తాయి. అచ్చం అసలులాగే పచ్చ టిక్కుతో సహా తయారుచేసే యాప్‌లున్నాయి. స్క్రీన్‌షాట్ చూసి లింకు పంపొద్దు. అందులోని పన్నెండు అంకెల నంబరు మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటేనే పంపండి.

ఇరవై మంది తేలాక సైట్ కట్టండి. లింకుతో కాకుండా సైట్‌లోనే డబ్బు తీసుకోవాలంటే, గేట్‌వే వాళ్ళు మీ సైట్‌లో కాంటాక్ట్, ప్రైవసీ, షరతులు, రీఫండ్ పేజీలు చూశాకే అనుమతి ఇస్తారు. వాటిని మరెక్కడి నుంచో కాపీ కొట్టకండి. రీఫండ్ పేజీలో రాసిన మాటకే రేపు మీరు కట్టుబడాలి. నాది ఏడు రోజులు, అయిదో వంతు కంటే తక్కువ చూసి ఉంటేనే.

సైట్‌లో నేను ఒక చోట ఘోరంగా దెబ్బ తిన్నాను, అది వివరంగా చెప్పాలి. మొదటి నెలలో ఆదోని నుంచి ఒక పిల్లవాడు రాత్రి పదకొండుకు ఫోన్ చేశాడు. "సార్, దుడ్లు కట్టినా, కోర్సు మాత్రం తెరుచుకోలే, ఏంది సార్ ఇది" అని. చూస్తే గేట్‌వేలో డబ్బు పడింది, సైట్‌లో మాత్రం వాడి పేరే లేదు. మర్నాడు ఇంకో ఇద్దరు. నేను మోసం చేశానని ఒకడు వాట్సాప్ స్టేటస్ కూడా పెట్టాడు.

కారణం చిన్నది. ఫోన్‌లో పిల్లవాడు సైట్ నుంచి యూపీఐ యాప్‌లోకి వెళ్తాడు, పిన్ కొడతాడు, డబ్బు కట్ అవుతుంది. తిరిగి బ్రౌజర్‌కు వచ్చాక "థాంక్యూ" పేజీ తెరుచుకుంటేనే నా సైట్ వాణ్ణి కోర్సులో చేర్చేది. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్లలో యూపీఐ యాప్ తెరవగానే వెనకాల బ్రౌజర్ ట్యాబ్ మూసుకుపోతుంది. కొందరు డబ్బు కట్ అయిన మెసేజ్ చూసి అక్కడే ఫోన్ పక్కన పెట్టేస్తారు. థాంక్యూ పేజీ రాదు, చేరికా జరగదు.

విరుగుడు ఏమిటంటే, పిల్లవాడి బ్రౌజర్‌ను నమ్ముకోకుండా గేట్‌వే సర్వరే నేరుగా మీ సర్వర్‌కు "డబ్బు వచ్చింది" అని కబురు పంపాలి. దాన్నే వెబ్‌హుక్ అంటారు. గేట్‌వే సెట్టింగుల్లో మీ సైట్ చిరునామా ఇచ్చి, ఏ సంఘటనకు కబురు పంపాలో ఎంచుకోవాలి. రేజర్‌పేలో అయితే దాని పేరు `payment.captured`. కోర్సులో చేర్చే పని ఆ కబురు మీదే జరగాలి, థాంక్యూ పేజీ మీద కాదు. చాలా ప్లగిన్లలో ఇది ఉంటుంది కానీ వెబ్‌హుక్ చిరునామా, దాని రహస్య కోడ్ మనమే అక్కడా ఇక్కడా అతికించాలి. అది చేయకపోయినా పరీక్షలో సైట్ బాగానే పనిచేసినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే మనం లాప్‌టాప్‌లో పరీక్షిస్తాం, అక్కడ ట్యాబ్ మూసుకుపోదు.

కాబట్టి తెరిచే ముందు ఇలా పరీక్షించండి. పాత ఫోన్ ఒకటి తీసుకోండి, కోర్సు ధర పది రూపాయలు పెట్టండి, యూపీఐ పిన్ కొట్టగానే బ్రౌజర్‌ను పూర్తిగా మూసేయండి. రెండు నిమిషాల తర్వాత వేరే చోట లాగిన్ అయి చూడండి. కోర్సు కనిపిస్తే సరే. కనిపించకపోతే ఇంకా తెరవొద్దు. ఇంకొకటి, గేట్‌వేలో ఆటో క్యాప్చర్ పెట్టుకోండి, అంటే కట్టిన డబ్బును గేట్‌వే తనంతట తానే ఖాయం చేసుకోవాలి. అది లేకపోతే డబ్బు "ఆథరైజ్డ్" దగ్గరే ఆగి, కొన్ని రోజులకు పిల్లవాడి ఖాతాకే తిరిగి వెళ్ళిపోతుంది. వాడేమో అప్పటికి సగం కోర్సు చూసేసి ఉంటాడు.

వీడియోలు ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి సంగతి. యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి సైట్‌లో అతికిస్తే ఉచితమే కానీ, ఆ లింకు బయటికి తీయడం ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. ఒక్కసారి టెలిగ్రామ్‌లో పడితే ఇక అంతే. మీ హోస్టింగ్‌లోనే వీడియో ఫైళ్ళు పెడితే పదిమంది ఒకేసారి చూసినప్పుడు సైట్ మొత్తం నీలుగుతుంది. వీడియోల కోసమే ఉన్న సర్వీసుల్లో పెట్టండి. మీ డొమైన్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోకుండా వాటిలో కట్టడి చేయొచ్చు. ఖర్చుకు భయపడక్కరలేదు. 480పీలో గంట వీడియో 350 ఎంబీ చుట్టూ ఉంటుంది, మీ 28 గంటలు ఒకడు పూర్తిగా చూస్తే పది జీబీ. జీబీకి రెండు మూడు రూపాయలు తీసుకునే సర్వీసుల్లో ఒక్కో మనిషికి ముప్ఫై రూపాయల లోపు.

డీఆర్ఎం అని దొంగతనం ఆపే సర్వీసులూ ఉన్నాయి, ధర ఎక్కువ. చాలా ఫోన్లలో స్క్రీన్ రికార్డు చేస్తే నల్లగా వచ్చేలా చేస్తాయి. కానీ కంప్యూటర్లలో అన్నిసార్లూ ఆపలేవు, ఒక ఫోన్ ఎదురుగా ఇంకో ఫోన్ పెట్టి తీస్తే ఏదీ ఆపలేదు. అరవై మంది ఉన్న మీకు దానికంటే వాటర్‌మార్క్ మేలు. లాగిన్ అయినవాడి ఫోన్ నంబరు వీడియో మీద లేతగా, చోటు మారుతూ కనిపించాలి. రెండు పరికరాలకు మించి ఒకే లాగిన్ పనిచేయకూడదు. నా ఎస్టిమేషన్ క్లాసు ఒకసారి ఒక టెలిగ్రామ్ గుంపులో కనిపించింది. మూలన నంబరు స్పష్టంగా ఉంది. ఫోన్ చేస్తే నిజానికి వాడు అమ్మలేదు పాపం, హాస్టల్లో రూమ్మేటుకు పాస్‌వర్డ్ ఇచ్చాడు. అదే సాయంత్రం గుంపులోంచి తీయించాడు. గొడవ పెట్టుకోలేదు నేను, ఆ సంగతి మాత్రం కొత్త బ్యాచ్‌కి మొదటి రోజే చెబుతాను.

టాలీ చెబుతున్నారు కాబట్టి ఒక సంగతి. మీ విద్యార్థులు చాలామంది చూసేది ఫోన్‌లో. 480పీలో టాలీ స్క్రీన్ మీది చిన్న అక్షరాలు ఆరంగుళాల ఫోన్‌లో చదవలేరు. నాణ్యత పెంచితే రోజుకు ఒకటిన్నర రెండు జీబీ డేటా ప్యాక్ వాళ్ళది చాలదు. రికార్డు చేసేటప్పుడే కంప్యూటర్ రిజల్యూషన్ 1280x720కి దించి, లెడ్జర్ పేరు, మొత్తం ఉన్న చోట జూమ్ చేయండి. ఇప్పటికే తీసినవాటిలో ఒక క్లాసు మీ ఫోన్‌లో, చేయి చాచిన దూరంలో పెట్టి చూడండి. వోచర్ మీది అంకె చదవలేకపోతే ఆ క్లాసు మళ్ళీ తీయాల్సిందే.

ఇప్పుడు ధర సంగతి. యూట్యూబ్‌లో ఉచితంగా టాలీ పాఠాలు బోలెడున్నప్పుడు మీకు రెండు వేలు ఎందుకివ్వాలి? వీడియో కోసం ఇవ్వరు. ఇరుక్కున్నప్పుడు ఫోన్ ఎత్తే మనిషి కోసం ఇస్తారు. ఉదాహరణకు లైసెన్సు లేని టాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లో నెలలో ఒకటీ, రెండూ, ఆఖరి తేదీల్లో తప్ప ఎంట్రీ పడదు. వీడియోలో మీరు పదిహేనో తేదీ వేస్తారు, ఇంట్లో వాడు వేస్తే తీసుకోదు. "సార్, నా టాలీ చెడిపోయింది" అని మెసేజ్ పెడతాడు. సెంటర్లో అయితే మీరు భుజం మీదుగా చూసి అరనిమిషంలో చెప్పేస్తారు. రికార్డింగ్‌లో ఆ భుజం లేదు. కాబట్టి వారానికి రెండు రోజులు, సాయంత్రం గంట చొప్పున సందేహాలకు అని ముందే రాసి పెట్టండి. ఐదొందలకు అమ్మే చోట ఈ గంట గిట్టుబాటు కాదు, రెండు వేలకు అయితే అవుతుంది. సొంత సైట్ వైపు నేను మొగ్గడానికి పెద్ద కారణం ఇదే. ఇరవై నాలుగ్గంటలూ అందుబాటు అని మాత్రం రాయకండి. నేను రాసి, ఆరు నెలలు అన్నం ముందు కూర్చుని ఆడియో మెసేజ్‌లు పెట్టాను.

రివ్యూ సంగతి కిందికి వచ్చాక చెబుతానన్నాను కదా. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. 12, 28 శాతం శ్లాబులు చాలావరకు పోయి 5, 18 మిగిలాయి, కొన్నిటికి 40. బట్టల షాపు ఎంట్రీలే తీసుకోండి. అంతకుముందు వెయ్యి లోపు రెడీమేడ్ డ్రస్సుకు 5, పైన 12. ఇప్పుడు రెండున్నర వేల దాకా 5, పైన 18. బంగారం మాత్రం ఆ 3 శాతమే. పాత రేట్లతో తీసిన క్లాసు చూసి పిల్లవాడు షాపులో 12 వేస్తే యజమాని వాణ్ణీ తిడతాడు, మిమ్మల్నీ తిడతాడు. వీడియో మార్చడం ఎక్కడైనా చేయొచ్చు, యుడెమీలోనూ కొత్తది పెట్టొచ్చు. కానీ మార్చడానికి మీకు పట్టిన నెల రోజుల్లో పడిన "పాత రేట్లు చెబుతున్నారు, కొనకండి" అనే ఒక్క స్టార్ రివ్యూలు అక్కడే ఉండిపోతాయి. పది రివ్యూలు ఉన్న కోర్సుకు మూడు అలాంటివి పడితే సెర్చ్‌లో అడుగుకు పోతుంది. సొంత చోట అయితే అదే రోజు వాట్సాప్‌లో "కొత్త రేట్ల క్లాసు ఆదివారం వస్తుంది, అంతవరకు 14, 15 క్లాసులు చూడొద్దు" అని ఒక్క మాట పెడితే సరిపోతుంది. ఇకమీదట రేటు చెప్పే భాగాన్ని విడిగా చిన్న వీడియోలుగా తీయండి. గంట క్లాసు మధ్యలో రేటు ఇరికిస్తే మారిన ప్రతిసారీ గంటా మళ్ళీ తీయాలి.

జీఎస్టీ అన్నాక మీ సొంత జీఎస్టీ సంగతి. మీకే పాఠం చెబుతున్నానని అనుకోకండి, చాలామంది టాలీ మాస్టర్లే ఇక్కడ తప్పుతారు. రికార్డు కోర్సులు 18 శాతం కిందికి వస్తాయి, సేవలకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటితే రిజిస్ట్రేషన్ తప్పదు. ఆ 20 లక్షలు కోర్సుది మాత్రమే కాదు, మీ పాన్ మీద వచ్చే సెంటర్ ఫీజులు కూడా కలిపి. సెంటర్ మీద పదహారు లక్షలు వస్తుంటే ఆన్‌లైన్ అయిదు లక్షలు చేరగానే గీత దాటుతారు. దాటాక 1,999 అన్నీ కలిపిన ధరైతే అందులో మీది 1,694, మిగిలిన 305 పన్ను. ధర పెట్టేటప్పుడే ఇది మనసులో ఉంచుకోండి. హైదరాబాదు, బెంగళూరు పిల్లలకు అమ్మినంత మాత్రాన 20 లక్షల లోపు రిజిస్ట్రేషన్ అక్కరలేదు, సేవలకు ఆ మినహాయింపు ఉంది. అయినా చెకౌట్ ఫారంలో రాష్ట్రం పేరు అడిగి పెట్టుకోండి. తర్వాత మీ ఆడిటర్ అడిగినప్పుడు వెతుక్కోనక్కరలేదు.

సొంత యాప్ చేసిస్తామని ఫోన్లు వస్తాయి, సైట్ పెట్టిన వారంలోనే మొదలవుతాయి. యాప్‌లోపల అమ్మితే ప్లే స్టోర్ వాటా విడిగా ఉంటుంది, చిన్నవాళ్ళకు సాధారణంగా 15 శాతం. రెండు మూడు వందల మంది అయ్యేదాకా ఫోన్ బ్రౌజర్‌లో బాగా తెరుచుకునే సైట్ చాలు.

యుడెమీని పూర్తిగా వదిలేయమనీ కాదు. మీ 28 గంటల్లోంచి ఈ-వే బిల్లు మీద రెండు గంటలు విడిగా తీసి, కావాలంటే ఇంగ్లీషులో, అక్కడ పెట్టండి. పెయిడ్ కోర్సుకు అరగంట వీడియో, అయిదు లెక్చర్లు ఉంటే చాలు. చేయి పెట్టి చూడ్డానికి అది సరిపోతుంది, వచ్చిందే లాభం. మొత్తం కోర్సు మాత్రం అక్కడ పెట్టకండి. ఒకసారి ఐదొందల ధర పడ్డాక మీ ఊళ్ళో రెండు వేలు అడిగితే, "నెట్లో ఐదొందలే కదా సార్" అని స్క్రీన్ తిప్పి చూపిస్తారు. నాకు చూపించారు.

వరుస ఇలా పెట్టుకోండి. ఈ వారం రిజిస్టర్ తీసి ఫోన్లు, నెలలో ఇరవై మంది, వాళ్ళ సందేహాలు రాసుకుని చదవరాని క్లాసులు మళ్ళీ తీయడం, ఆ తర్వాతే డొమైన్. సెంటర్ ఫీజుల వసూలు ఏడాదికి ఎంత ఉందో, ఇప్పుడు సెంటర్లో టాలీకి ఎంత తీసుకుంటున్నారో రాయండి. ఆ రెండూ తెలిస్తే రికార్డింగ్ ధర ఎక్కడ పెట్టాలో లెక్క వేసి చెబుతాను. సెంటర్లో మూడు వేలు తీసుకుంటుంటే మాత్రం 1,999 ఎక్కువే అవుతుంది, పదిహేనొందల దగ్గర మొదలుపెట్టాలి.